శాంపిల్‌ను స్తరాల మధ్య ఎలా పంచాలి: జనాభా వాటా ప్రకారమా, తేడాలూ ఖర్చులూ చూసా?

జిల్లాలో ఇంటింటి సర్వే చేయాలి. మైదాన గ్రామాలు, పట్టణం, ఏజెన్సీ అని మూడు స్తరాలుగా విడగొట్టారు. చేతిలో ఉన్న డబ్బుకి ఏ స్తరంలో ఎన్ని ఇళ్లు అడగాలి? చాలామంది ఇక్కడ ఆలోచించకుండా జనాభా వాటా ప్రకారం పంచేస్తారు. అది తప్పు కాదు. కానీ ఒక స్తరంలో ఇళ్ల మధ్య తేడాలు విపరీతంగా ఉండి, ఇంకో స్తరంలో ఇంటికి అయ్యే ఖర్చు రెండింతలు ఉన్నప్పుడు, అలా పంచితే డబ్బులో మంచి భాగం వృథా అవుతుంది. ఎంత వృథా అవుతుందో లెక్కగట్టి, మంచి పంపకం ఎలా చేయాలో, అది ఎక్కడ బెడిసికొడుతుందో ఒకే ఉదాహరణతో చూద్దాం. అంకెలు లెక్క కోసం అనుకున్నవి, ఏ జిల్లావీ కావు.

మనం తెలుసుకోవాల్సింది: జిల్లాలో ఒక్కో కుటుంబం నెలకి సగటున ఎంత ఖర్చు పెడుతోంది. మొత్తం లక్ష ఇళ్లు. మైదాన గ్రామాల్లో 60,000, పట్టణంలో 30,000, ఏజెన్సీలో 10,000. శిక్షణ, ప్రశ్నావళి ముద్రణ, ఆఫీసు ఖర్చులు పక్కన పెట్టాక ఫీల్డుకి మిగిలింది 2,40,000 రూపాయలు.

ముందు మూడు అంకెలు సిద్ధం చేసుకోండి

ప్రతి స్తరానికీ మూడు అంకెలు కావాలి. మొత్తం ఇళ్లలో ఆ స్తరం వాటా, అంటే W. ఆ స్తరం లోపల ఇంటికీ ఇంటికీ మధ్య తేడాని చెప్పే ప్రామాణిక విచలనం, అంటే S. ఒక ఇంటి నుంచి పూర్తి సమాధానం రాబట్టడానికి అయ్యే ఖర్చు, అంటే c.

W సులువు. ఇళ్ల జాబితా నుంచి వస్తుంది: 0.6, 0.3, 0.1. జాబితా పాతదైతే ముందు దాన్ని సరిచూసుకోండి. W తప్పయితే పంపకం మాత్రమే కాదు, చివరి సగటు కూడా తప్పుతుంది.

c విషయంలో ఎక్కువమంది తడబడేది ఇక్కడే: మొత్తం బడ్జెట్‌ని ఇళ్లతో భాగించి అన్ని స్తరాలకీ అదే రేటు వేసేస్తారు. అలా చేయొద్దు. ఇంకో ఇల్లు కలిపితే అదనంగా ఎంత అవుతుందో అదే లెక్కలోకి రావాలి. శిక్షణ ఖర్చు ఇళ్లు పెరిగినా తగ్గినా మారదు కాబట్టి దాన్ని కలపకూడదు. ప్రయాణం ఊరికి అవుతుంది, ఇంటికి కాదు. ఊరికి పది ఇళ్ల చొప్పున అడుగుతున్నారనుకుందాం. ఏజెన్సీ ఊరికి జీపు, గైడు, రాత్రి బస కలిపి 6,000 అయితే ఇంటికి 600. ఎన్యూమరేటర్‌కి ఇంటికి 300. కలిపి 900. మైదానంలో ఊరికి 1,500 అంటే ఇంటికి 150, ఎన్యూమరేటర్‌కి 250, మొత్తం 400. పట్టణంలో బ్లాకుకి 500 అంటే ఇంటికి 50, ఎన్యూమరేటర్‌కి 175, మొత్తం 225. ఇలా విడదీసి రాసుకుంటే రేపు డీజిల్ ధర మారినా, ఊరికి పది బదులు పదిహేను ఇళ్లు అడగాలనుకున్నా లెక్క సరిదిద్దుకోవడం తేలిక.

S కష్టమైనది. సర్వే చేస్తే గానీ తెలియని అంకె సర్వేకి ముందే కావాలి. అదే జిల్లాలో పాత సర్వే ఉంటే దాని నుంచి తీసుకోండి. రూపాయి విలువ మారినా పరవాలేదు, ఎందుకంటే పంపకానికి కావాల్సింది స్తరాల S ల మధ్య నిష్పత్తి మాత్రమే. పాత సర్వే లేకపోతే స్తరానికి 30 నుంచి 50 ఇళ్లతో చిన్న పైలట్ చేయండి. ఆ ఇళ్లు ఒకే వీధిలోవి కాకూడదు. అదీ కుదరకపోతే ఒక మోటు పద్ధతి ఉంది. ఖర్చు, భూమి, ఆదాయం లాంటి వాటిలో సగటు ఎక్కువున్న చోట తేడాలూ ఎక్కువే ఉంటాయి కాబట్టి, S ని సగటుకి అనుపాతంగా అనుకోవచ్చు. మోటుదే అయినా, అన్ని స్తరాలకీ S సమానం అనుకోవడం కంటే చాలా మేలు.

మన ఉదాహరణలో S మైదానంలో 4,000, పట్టణంలో 9,000, ఏజెన్సీలో 3,000 అనుకుందాం. పట్టణంలో ఇంత ఎక్కువ ఎందుకంటే అక్కడ కూలి ఇల్లూ, డాక్టర్ ఇల్లూ ఒకే స్తరంలో ఉంటాయి.

ఒక జాగ్రత్త. ఊరికి పది ఇళ్లు ఒకేచోట తీస్తున్నప్పుడు ఆ పది ఇళ్లూ ఒకదానికొకటి కొంత పోలి ఉంటాయి. పది సమాధానాలు వచ్చినా పది విడి ఇళ్లంత సమాచారం రాదు. దీన్ని డిజైన్ ఎఫెక్ట్ అంటారు, సూత్రం `1 + (m − 1)ρ`. ఇక్కడ m ఊరికి తీసే ఇళ్లు, ρ ఊళ్లోని ఇళ్ల మధ్య పోలిక. ఊరికి 10 ఇళ్లు, ρ 0.1 అయితే ఇది 1.9. అప్పుడు S ని దీని వర్గమూలంతో, అంటే సుమారు 1.38 తో గుణించి వాడాలి. ఏజెన్సీలో ఊరంతా ఒకే తీరుగా ఉండి ఊరికీ ఊరికీ తేడా ఎక్కువైతే అక్కడ ρ పెద్దది, కాబట్టి స్తరానికో ρ పెట్టుకోండి. పైన చెప్పిన S అంకెల్లో ఈ పెంపు ఇప్పటికే కలిసి ఉందనుకుందాం.

అనుపాత కేటాయింపు: పోల్చుకోవడానికి గీటురాయి

ముందు జనాభా వాటా ప్రకారం పంచి చూడండి. సగటున ఇంటికి ఖర్చు 0.6×400 + 0.3×225 + 0.1×900 = 397.50 రూపాయలు. 2,40,000 కి 603 ఇళ్లు వస్తాయి: మైదానం 362, పట్టణం 181, ఏజెన్సీ 60. ఖర్చు 2,39,525.

ఈ పంపకంతో జిల్లా సగటు ఎంత కచ్చితంగా వస్తుంది? ప్రతి స్తరానికీ (W×S)² ని ఆ స్తరంలోని ఇళ్ల సంఖ్య n తో భాగించి, మూడూ కూడి, వర్గమూలం తీస్తే ప్రామాణిక దోషం వస్తుంది. ఇక్కడ అది 240 రూపాయలు. అంటే మన సగటు అసలు సగటుకి అటూ ఇటూ సుమారు 470 రూపాయల లోపు ఉంటుందని 95 శాతం నమ్మకంతో చెప్పగలం. (లక్ష ఇళ్లలో ఆరేడు వందలే తీస్తున్నాం కాబట్టి, జనాభాలో పెద్ద భాగాన్నే తీసినప్పుడు దోషాన్ని తగ్గించి చూపే పరిమిత జనాభా సవరణని వదిలేశాం. ఏ స్తరంలోనైనా 5 శాతం దాటి తీస్తుంటే దాన్ని కలపాలి.)

ఇప్పుడు ఈ పంపకంలో తప్పేమిటో కనిపెట్టే పరీక్ష. ప్రతి స్తరంలో ఇంకో రూపాయి పెడితే దోషం వర్గం ఎంత తగ్గుతుందో చూడండి. దానికి కొలత `(W×S)² / (n²×c)`. మైదానంలో ఇది 0.11, పట్టణంలో 0.99, ఏజెన్సీలో 0.028. అంటే పట్టణంలో పెట్టే రూపాయి మైదానంలో పెట్టిన దానికంటే తొమ్మిది రెట్లు, ఏజెన్సీలో పెట్టిన దానికంటే 35 రెట్లు పనిచేస్తోంది. అలాంటప్పుడు ఏజెన్సీ నుంచి రూపాయి తీసి పట్టణంలో పెడితే లాభమే. ఎక్కడ పెట్టినా ఒకే లాభం వచ్చేదాకా అలా మారుస్తూ పోతే దొరికేదే ఉత్తమ కేటాయింపు. సూత్రం మరిచిపోయినా ఈ ఒక్క తర్కం గుర్తుంటే చాలు, మళ్లీ రాబట్టుకోవచ్చు.

ఉత్తమ కేటాయింపు లెక్క

మూడు స్తరాల్లోనూ ఆ కొలత సమానం కావాలంటే n అనేది `W×S/√c` కి అనుపాతంగా ఉండాలి. ఖర్చులు అన్ని చోట్లా ఒకటే అయితే √c పోయి `W×S` మిగులుతుంది. దాన్నే నేమన్ కేటాయింపు అంటారు. యెర్జీ నేమన్ 1934లో దీన్ని ప్రచురించాక ఆ పేరు స్థిరపడింది గానీ, రష్యాకి చెందిన చుప్రోవ్ 1923లోనే అదే ఫలితం రాశాడు. S ముందుగా తెలియదు కదా, పైలట్ అంచనాతో పంచితే ఏమవుతుంది అన్న ప్రశ్నని తొలిరోజుల్లోనే, 1935లో, పట్టించుకున్నది మన పి.వి. సుఖాత్మే.

ఎక్సెల్‌లో పని ఇది. A కాలమ్‌లో స్తరం పేరు, B లో W, C లో S, D లో c. మూడు స్తరాలూ 2 నుంచి 4 వరుసల్లో. బడ్జెట్ B7 లో.

```
E2:  =B2*C2/SQRT(D2)
F2:  =B2*C2*SQRT(D2)
G2:  =$B$7*E2/SUM($F$2:$F$4)
H2:  =(B2*C2)^2/G2
H7:  =SQRT(SUM(H2:H4))
```

E నుంచి H వరకు రెండో వరుసని నాలుగో వరుస దాకా లాగండి. G లో ఒక్కో స్తరానికి ఇళ్ల సంఖ్య, H7 లో ప్రామాణిక దోషం వస్తాయి. మన అంకెలతో E కాలమ్‌లో 120, 180, 10 రావాలి. F మొత్తం 97,500. G లో 295.4, 443.1, 24.6. H7 లో 199. ఇవి రాకపోతే S స్థానంలో S² ఎక్కించారేమో చూసుకోండి. అందరూ చేసే పొరపాటు అదే.

G లో వచ్చిన దశాంశాలని మామూలుగా సవరించకుండా ముందు కిందికి దించండి, మిగిలిన డబ్బుతో చౌక స్తరంలో ఒకటో రెండో ఇళ్లు కలపండి. ఏజెన్సీ 24.6 ని 25 చేస్తే ఒక్క ఇంటితోనే బడ్జెట్ దాటిపోతుంది. 295, 443, 24 దగ్గర ఖర్చు 2,39,275.

అదే డబ్బుకి మూడు పంపకాలూ పక్కపక్కన పెడితే ఇలా ఉంటుంది:

| పంపకం | మైదానం | పట్టణం | ఏజెన్సీ | మొత్తం | ప్రామాణిక దోషం |
|---|---|---|---|---|---|
| అనుపాతం | 362 | 181 | 60 | 603 | 240 |
| నేమన్ (S మాత్రమే) | 313 | 353 | 39 | 705 | 203 |
| ఖర్చుతో కలిపి | 295 | 443 | 24 | 762 | 199 |

ఈ పట్టికని నిదానంగా చూడండి. 240 నుంచి 203 కి దిగింది S ని పట్టించుకోవడం వల్ల. ఖర్చుని కూడా కలిపితే ఇంకా తగ్గింది నాలుగు రూపాయలే. కారణం ఆ వర్గమూలం. ఏజెన్సీ ఇల్లు పట్టణం ఇంటికి నాలుగింతల ఖరీదైనా, దాని వాటా సగమే అవుతుంది. అందుకే c అంచనా పది, ఇరవై శాతం అటూ ఇటూ అయినా కంగారు పడనక్కర్లేదు. సమయమంతా S మీద పెట్టండి. స్తరాల మధ్య ఖర్చు రెండింతల లోపే తేడా ఉంటే c ని పూర్తిగా వదిలేసి నేమన్‌తో సరిపెట్టుకున్నా పెద్ద నష్టం లేదని నా లెక్క.

మరి అనుపాత పద్ధతిలోనే 199 సాధించాలంటే? సుమారు 876 ఇళ్లు, 3,48,000 రూపాయలు కావాలి. అంటే లక్షకి పైగా అదనం. S లు నిజంగా ఇంత తేడాగా ఉన్నప్పుడే ఈ లాభం వస్తుంది. మూడు స్తరాల్లోనూ S దాదాపు ఒకటే అయితే పై మూడు వరుసలూ దగ్గరదగ్గరగానే వస్తాయి.

S తప్పయితే ఏమవుతుంది

ఉత్తమ కేటాయింపు అంటే భయపడేవాళ్ల వాదన ఇదే: S తెలియదు కదా, తప్పు S తో పంచితే మొత్తం పాడవుతుంది కదా అని. లెక్కేసి చూస్తే ఆ భయం సగమే నిజం.

ఏజెన్సీ పైలట్‌లో ఒక కాంట్రాక్టర్ ఇల్లు పడి, S 3,000 బదులు 12,000 వచ్చిందనుకుందాం. నాలుగింతల తప్పు. ఆ తప్పు అంకెతో పంచితే మైదానం 231, పట్టణం 347, ఏజెన్సీ 77 అవుతాయి. అసలు S లతో దోషం లెక్కిస్తే 217. నష్టపోయాం, అయినా అనుపాత కేటాయింపు 240 కంటే మెరుగ్గానే ఉన్నాం.

ఇప్పుడు తిరగేసి చూడండి. పట్టణం పైలట్‌ని ఒకే ఉద్యోగుల కాలనీలో చేశారు, అందరి జీతాలూ దగ్గరదగ్గరగా ఉన్నాయి, S 9,000 బదులు 2,500 వచ్చింది. పంపకం 422, 176, 35 అవుతుంది. అసలు దోషం 240. లాభమంతా ఆవిరైపోయి, అనుపాత కేటాయింపు దగ్గరికే వచ్చి పడ్డాం. ఇక రెండు తప్పులూ కలిసి, పట్టణం S తక్కువగా, ఏజెన్సీ S ఎక్కువగా వస్తే అనుపాతం కంటే ఘోరంగా ఉంటుంది.

కాబట్టి చిన్న స్తరంలో S ఎక్కువ అనుకోవడం పెద్ద నేరం కాదు. పెద్ద స్తరంలో, తేడాలు నిజంగా ఎక్కువున్న చోట, S తక్కువ అనుకోవడమే ప్రమాదం. పైలట్‌లో పట్టణానికి ఎక్కువ ఇళ్లు పెట్టండి, వాటిని కనీసం ఐదారు వార్డుల్లో చెదరగొట్టండి. పైలట్ S అనుమానాస్పదంగా తక్కువ వస్తే, దాన్ని సగటుతో భాగించి మిగతా స్తరాలతో పోల్చండి. మన ఉదాహరణలో సగటు ఖర్చు మైదానంలో 12,000, పట్టణంలో 20,000, ఏజెన్సీలో 8,000 అనుకుంటే ఆ నిష్పత్తులు 33, 45, 37.5 శాతం. పట్టణానికి 2,500 అంటే 12.5 శాతమే. పట్టణంలో ఇళ్లన్నీ గ్రామాల కంటే ఒకే తీరుగా ఖర్చు పెడతాయంటే ఎవరూ నమ్మరు. అక్కడే తప్పు దొరికిపోతుంది.

చిన్న చిన్న తేడాల గురించి మాత్రం నిశ్చింతగా ఉండండి. మొత్తం n మారకుండా, ప్రతి స్తరంలో తీసిన ఇళ్లకీ ఉత్తమ సంఖ్యకీ మధ్య తేడా తీసిన ఇళ్లలో 20 శాతం లోపే ఉంటే, వేరియన్స్, అంటే ప్రామాణిక దోషం వర్గం, 4 శాతం కంటే పెరగదు. తేడా భిన్నాన్ని వర్గం చేస్తే వచ్చేదే గరిష్ఠ నష్టం. 295 ని 300 చేశామా 290 చేశామా అని వాదించుకోవడం దండగ.

ఏజెన్సీకి 24 ఇళ్లేనా?

లెక్క ప్రకారం 24 సరైనదే, కానీ ఆచరణలో పనికిరాదు. జిల్లా సగటు ఒక్కటే కావాలంటే అది ఉత్తమం. కానీ నివేదిక చేతికి రాగానే ఎవరైనా అడిగే మొదటి ప్రశ్న "మరి ఏజెన్సీలో ఎంత?" అని. 24 ఇళ్లతో ఏజెన్సీ సగటు ప్రామాణిక దోషం 612 రూపాయలు. 8,000 సగటుకి అటూ ఇటూ 1,200. ఆ అంకెతో ఏ నిర్ణయమూ తీసుకోలేం. పైగా ఊరికి పది ఇళ్లంటే 24 ఇళ్లు రెండు మూడు ఊళ్లే. ఒక ఊరికి దారి తెగిపోతే మిగిలేది ఒకటో రెండో. స్తరంలో ఒక్క ఊరే మిగిలితే ఊరికీ ఊరికీ తేడా ఎంతో లెక్కించడమే కుదరదు.

కాబట్టి కనీస సంఖ్య పెట్టండి. పద్ధతి ఇది: ఆ స్తరానికి కావాల్సిన ఇళ్లు ముందుగా నిర్ణయించి, దాని ఖర్చు బడ్జెట్ నుంచి తీసేయండి. మిగిలిన డబ్బుని మిగతా స్తరాల మధ్య అదే సూత్రంతో పంచండి.

ఏజెన్సీకి అనుపాతంలో ఉన్న 60 నే ఉంచుదాం. 54,000 పోగా 1,86,000 మిగులుతుంది. దాన్ని పంచితే మైదానానికి 252, పట్టణానికి 378. ఊరికి, బ్లాకుకి పది ఇళ్ల లెక్కకి సర్దితే 25 ఊళ్లలో 250, 38 బ్లాకుల్లో 380, ఏజెన్సీలో 6 ఊళ్లలో 60. ఖర్చు 2,39,500. జిల్లా సగటుకి దోషం 209. ఉత్తమం 199 కదా, పది రూపాయలు వదులుకుని ఏజెన్సీ అంకెని అనుపాత కేటాయింపులో ఎంత బాగా వస్తుందో అంత బాగా నిలబెట్టుకున్నాం.

ఏజెన్సీ అంకె ఇంకా గట్టిగా కావాలంటే అక్కడ 100 ఇళ్లు పెట్టండి. 90,000 అక్కడికే పోతుంది. మిగిలిన దాంట్లో మైదానం 203, పట్టణం 305. ఏజెన్సీ సగటుకి అటూ ఇటూ సుమారు 590, జిల్లా దోషం 231. విచిత్రంగా ఇది కూడా అనుపాత కేటాయింపు కంటే మేలే. "జనాభా వాటా ప్రకారం పంచితేనే ఏజెన్సీకి న్యాయం" అనేవాళ్లకి ఈ ఒక్క లెక్క చూపిస్తే సరిపోతుంది.

దీనికి ఎదురుగా ఇంకో చిక్కు కూడా వస్తుంది. కర్మాగారాలు, పెద్ద రైతులు, హోల్‌సేల్ షాపులు లాంటి సర్వేల్లో చిన్న స్తరానికి S ఎంత పెద్దదంటే, సూత్రం ఆ స్తరంలో ఉన్న యూనిట్ల కంటే ఎక్కువ తీయమంటుంది. 40 మిల్లులున్న చోట 65 తీయమంటే ఎక్కడి నుంచి తెస్తాం? ఆ 40 నీ మొత్తం తీసేయండి, వాటి ఖర్చు తీసేసి మిగతా స్తరాలకి మళ్లీ సూత్రం వేయండి. రెండోసారి వేశాక ఇంకో స్తరం కూడా దాటుతుందేమో చూసుకోవాలి. దాటితే దాన్నీ పూర్తిగా తీసుకుని మళ్లీ మొదలు. మన దేశంలో యాన్యువల్ సర్వే ఆఫ్ ఇండస్ట్రీస్‌లో పెద్ద కర్మాగారాలని శాంపిల్ తీయకుండా పూర్తిగా అడిగే సెన్సస్ భాగం ఉండటం వెనక ఉన్న తర్కమూ ఇదే.

ఫీల్డులో, ఆ తర్వాత

250, 380, 60 అనేవి పూర్తయిన ఇంటర్వ్యూల సంఖ్య. తలుపు తట్టాల్సిన ఇళ్లు అంతకంటే ఎక్కువ. పట్టణంలో పదింట ఎనిమిది ఇళ్లే సమాధానం ఇస్తాయనుకుంటే 380 కోసం 475 ఇళ్ల జాబితా కావాలి. తాళం వేసిన ఇంటికి బదులు పక్కింటిని రాసేయొద్దు. పగలు తాళం ఉండేది ఎక్కువగా ఇద్దరూ ఉద్యోగం చేసే ఇళ్లకే, వాళ్ల ఖర్చూ వేరే తీరుగా ఉంటుంది. అందరూ పక్కింటికి మళ్లితే పట్టణం S తగ్గి, సగటు కూడా పక్కకి జరుగుతుంది. ముందు జాబితాలోంచే యాదృచ్ఛికంగా ఎక్కువ ఇళ్లు ఎంచి, సాయంత్రం, ఆదివారం మళ్లీ వెళ్లండి. ఆ రెండో, మూడో తిరుగుడు ఖర్చు కూడా పట్టణం c లో కలవాలి. c అంటే పూర్తయిన ఇంటికి అయ్యేది, తట్టిన తలుపుకి అయ్యేది కాదు.

అనుపాతం నుంచి తప్పుకున్న ప్రతి సర్వేలోనూ చివర్లో పొంచి ఉండే గుంట ఒకటుంది: డేటా వచ్చాక మొత్తానికి మామూలు సగటు తీసేయడం. అనుపాత కేటాయింపులో అది చెల్లుతుంది, ఎందుకంటే ప్రతి ఇంటికీ ఒకే బరువు. ఇక్కడ చెల్లదు. మన 690 ఇళ్లకి మామూలు సగటు తీస్తే 16,058 వస్తుంది. అసలు జిల్లా సగటు 0.6×12,000 + 0.3×20,000 + 0.1×8,000 = 14,000. రెండు వేల పైచిలుకు తేడా, అంటే మనం కష్టపడి తగ్గించుకున్న దోషానికి దాదాపు పదింతలు. ఈ తప్పు ఒక్కటి చేస్తే పైన చేసిన పనంతా గంగపాలు.

అందుకని ప్రతి ఇంటి రికార్డులో బరువు కాలమ్ పెట్టండి. స్తరంలోని మొత్తం ఇళ్లని అక్కడ పూర్తయిన ఇళ్లతో భాగిస్తే అది వస్తుంది: మైదానంలో 60,000/250 = 240, పట్టణంలో 30,000/380 = 78.9, ఏజెన్సీలో 10,000/60 = 166.7. అన్ని బరువుల మొత్తం లక్ష రావాలి. రాకపోతే ఏదో స్తరం కోడ్ తప్పు పడింది. అనుకున్నవి కాక నిజంగా పూర్తయిన సంఖ్యలతోనే ఈ భాగహారం చేయండి. ఫైలుని ఇంకొకరికి ఇస్తున్నప్పుడు బరువు కాలమ్ లేకుండా ఇవ్వొద్దు. తీసుకున్నవాళ్లు మామూలు సగటే తీస్తారు.

అనుపాతం దగ్గరే ఆగిపోవాల్సిన సందర్భాలు

ఇన్ని చెప్పినా, చాలా సర్వేలకి అనుపాతమే సరిపోతుంది. అడిగేవి ఎక్కువగా "ఉందా, లేదా" ప్రశ్నలైతే ముఖ్యంగా. మరుగుదొడ్డి ఉన్న ఇళ్ల శాతం లాంటి వాటికి S అంటే √(p(1−p)), ఇక్కడ p అంటే "ఉంది" అన్న ఇళ్ల వాటా. p 0.5 దగ్గర అది 0.5, p 0.3 కో 0.7 కో వెళ్లినా 0.46. అంటే స్తరాల్లో శాతాలు 30 నుంచి 70 మధ్య ఎలా మారినా S దాదాపు కదలదు, నేమన్ వల్ల వచ్చే లాభం లెక్కలోకే రాదు. p 2 శాతం, 3 శాతం లాంటి అరుదైన విషయాల్లోనే మళ్లీ తేడా కనిపిస్తుంది.

ప్రశ్నలు చాలా ఉండి, ఒక్కో దానికి ఒక్కో స్తరంలో S ఎక్కువైతే? ఖర్చుకి పట్టణం ఎక్కువ కావాలంటుంది, సాగుభూమికి మైదానం ఎక్కువ కావాలంటుంది. ముఖ్యమైన మూడు నాలుగు ప్రశ్నలకి విడివిడిగా G కాలమ్ వేసి, స్తరాలవారీగా సగటు తీయండి. ఆ సగటు పంపకంతో ఒక్కో ప్రశ్నకీ దోషం మళ్లీ లెక్కించండి. ఏ ముఖ్యమైన ప్రశ్నకైనా అనుపాతం కంటే ఎక్కువ వస్తుంటే ఆ దిశగా కొంచెం వెనక్కి జరపండి. ఉత్తమం చుట్టూ నేల చదునుగా ఉంటుంది కాబట్టి ఈ రాజీ ఖరీదు సాధారణంగా తక్కువే. మన జాతీయ నమూనా సర్వేల్లో రాష్ట్రంలోని శాంపిల్‌ని గ్రామాలకీ పట్టణాలకీ పంచేటప్పుడు జనాభా వాటానే ఆధారంగా తీసుకుని, పట్టణాలకి మాత్రం కొంత అదనపు బరువు ఇచ్చిన రౌండ్లు ఉన్నాయి. వందల ప్రశ్నలున్న సర్వేకి అలాంటి మధ్యేమార్గం సరైనదే. ఒకే ఒక్క పెద్ద అంకె కోసం చేసే సర్వేకి మాత్రం పై లెక్కని పూర్తిగా వేసి చూడండి. పైలట్ డేటా చేతిలో ఉంటే ఎక్సెల్‌లో అరగంట పని.